మొదటి పేరాలనే ముచ్చట తేలాలె

డిగ్రీ, పీజీ తెలుగు పేపర్లు దిద్దే పని ఏటా నా నెత్తిమీద పడ్తది. ఒక్కో కట్టల నలభై, యాభై జవాబు పత్రాలుంటయి. సాహిత్య వ్యాసం ప్రశ్న దగ్గరికొస్తే చాలు, పత్రం తర్వాత పత్రం ఒక్క తీరుగనే మొదలైతది. గురజాడ ‘దిద్దుబాటు’ కథ మీద వ్యాసం అడిగినమనుకోండి. సగం మంది రాసేది ఇట్లుంటది:

“సాహిత్యం సమాజానికి అద్దం వంటిది. తెలుగు సాహిత్యంలో ఎందరో మహానుభావులు ఉన్నారు. వారిలో గురజాడ అప్పారావు ఒకరు. ఆయన గొప్ప సంఘ సంస్కర్త. ఆయన రాసిన దిద్దుబాటు కథ చాలా గొప్పది. ఈ కథలో ఆయన స్త్రీ విద్య ప్రాముఖ్యతను చక్కగా వివరించారు.”

ఇండ్ల అచ్చుతప్పు లేదు, వాక్యాలు వంకర లేవు. కానీ చదివినోనికి ఏం తెలిసింది? జర ఒక పని చేసి చూడండి. గురజాడ పేరు తీసి కందుకూరి పేరు పెట్టండి, దిద్దుబాటు పేరు తీసి ఇంకేదన్న పుస్తకం పేరు పెట్టండి. పేరా ఏమన్న కదిలిందా? కదల్లేదు. అంటే ఈ పేరా ఏ పుస్తకం గురించీ కాదన్నట్టు. పేపర్ దిద్దేటోడు ఈ ఆరు వాక్యాలు కండ్లతోని దాటేసి, అసలు మాట ఎక్కడ మొదలైతదా అని కిందికి దేవులాడుకుంటడు. ఆ దేవులాటల మీకు మార్కులు పోతయి. పిల్లలు నన్ను అడిగేది గూడ ఇదే. “సార్, కథ నాకు మంచిగనే తెలుసు, మొదలెట్ల పెట్టాల్నో తెలుస్తలేదు” అంటరు. అందుకే ఇయ్యాల ఆ ఒక్క పేరా గురించే రాస్తున్న. ఉదాహరణకు ‘దిద్దుబాటు’నే పట్టుకుంట. కథ చిన్నది, నెట్ల దొరుకుతది, పావుగంటల చదవొచ్చు.

మొదటి పేరా మోయాల్సిన బరువు మూడు సంగతులది. ఒకటి, సందర్భం: ఈ రచన ఏ కాలంల, ఏ లొల్లి నడుమ పుట్టింది. రెండోది, రచన: మనం పట్టుకున్నది ఏ రచన, అండ్ల ఏ ముక్క. మూడోది, వాదం: దాని గురించి మనం అనేదేంది. ఊర్ల పెద్దమనుషుల ముందట పంచాయితీ పెట్టినప్పుడు గూడ ఇంతే గదా. గొడవ ఏ గట్టు దగ్గరిది, ఎవల చెల్కది, నువ్వనేదేంది? ఈ మూడూ చెప్పకుంట “భూమి తల్లి లాంటిది” అని మొదలుపెడితే పెద్దమనిషి చెయ్యి అడ్డంపెట్టి, ముచ్చటకు రమ్మంటడు.

పేరాల ఈ మూడూ సందర్భం, రచన, వాదం అనే వరసల్నే కనబడ్తయి. కానీ తయారుచేసుకునేటప్పుడు వరస తిరగేయాలె. ముందుగాల వాదం దొరకాలె, సందర్భం ఆఖరున రావాలె. చాలామంది సందర్భంతోని మొదలుపెట్టి రాసుకుంట పోతరు, వాదం దారిల దొరుకుతదిలే అనుకుంటరు. అది దొరకదు. గురజాడ 1862ల పుట్టిండు, విజయనగరంల ఉన్నడు, ‘కన్యాశుల్కం’ రాసిండు, 1915ల చనిపోయిండు అని జీవిత చరిత్ర ఒడిసేసరికి పేజీ నిండుతది.

వాదం యాడ దొరుకుతది? కథలనే. కథను మళ్లొకసారి నెమ్మదిగ చూద్దాం.

అర్ధరాత్రి దాటినంక గోపాలరావు ఇంటికొచ్చి తలుపు తడ్తడు. సానిమేళం పాట విని వస్తున్నడు. లోపల చీకటి. భార్య కమలిని కనబడదు. పనిమనిషి రాముణ్ని లేపి అడుగుతడు, కోపంల వీపు మీద గుద్దుతడు, మళ్ల ఆయనే బుజ్జగిస్తడు. బల్ల మీద ఉత్తరం దొరుకుతది. సభలకు పోతున్ననని చెప్పి మీరు ఏడికి పోతున్నరో నాకు తెలిసింది, నేనింట్ల ఉండవట్టే మీరు అబద్ధమాడాల్సి వస్తుంది, అందుకే పుట్టింటికి పోతున్న అని ఆ ఉత్తరం సారాంశం. గోపాలరావు కుమిలిపోతడు. ఆడోళ్లు చదువుకుంటే ఇట్లనే అయితదని రాముడు తన యాసల అంటే, గోపాలరావు వాణ్ని తిట్టి, చదువుకున్న స్త్రీ ఎంత గొప్పదో ఉపన్యాసం చెప్తడు. ఇంకెప్పుడు అటు పోనని ఒప్పుకుంటడు, కమలినిని తోల్కరమ్మని రాముణ్ని పురమాయిస్తడు. అప్పుడు మంచం కింది నుంచి గాజుల సప్పుడు, నవ్వు వినబడ్తయి. ఆమె ఏడికీ పోలేదు.

ఇప్పుడు ఈ కథ గురించి ఏమనాలె? మామూలుగ పిల్లలు రాసే మొదటి ముక్క ఇది: “ఈ కథ స్త్రీ విద్య ప్రాముఖ్యతను చెబుతుంది.” ఇది వాదం కాదు, కథాంశం. వాదమా కాదా అని పట్టుకునేందుకు నేను చెప్పే కొలత ఒక్కటే. ఆ వాక్యానికి “కాదు” అనేటోడు ఒక్కడన్న దొరుకుతడా? స్త్రీ విద్య మంచిదని ఈ కథ చెప్తదంటే ఎవ్వడూ కాదనడు. ఎవ్వడూ కాదనని ముచ్చటను రుజువు చేసేందుకు నాలుగు పేజీలెందుకు?

రెండో ప్రయత్నం: “దిద్దుబాటు ఒక గొప్ప స్త్రీవాద కథ.” దీన్ని కాదనేటోళ్లు దొరుకుతరు, కాబట్టి కొంచెం నయం. కానీ ఇది తీర్పు మాత్రమే. ఎందుకు స్త్రీవాదం, కథల ఏ చోట, అనేది లేదు. “గొప్ప” అన్న మాటకు కథల నుంచి సాక్ష్యం తేలేం. రేపు మూడో పేజీల రాసేందుకు ఏమీ మిగలదు, అందుకే మళ్ల కథ చెప్పుడు మొదలుపెడతరు. వ్యాసం నడుమల కథ చెప్పుడు ఎక్కువైందంటే దాని రోగం మొదటి పేరాలనే ఉన్నదని నేను ఠక్కున గుర్తుపడత.

వాదం కావాల్నంటే కథల మనకు కొంచెం ఎబ్బెట్టుగ, కొంచెం వింతగ అనిపించిన చోట గోకాలె. నాకు అట్లాంటి వింత ఇది. కథ పేరు ‘దిద్దుబాటు’. దిద్దింది కమలిని. కానీ కథ పొడుగూతా నోరిప్పేది ఎవరు? గోపాలరావు, రాముడు. కమలిని ఒక ఉత్తరంల వినబడ్తది, ఆఖరున ఒక నవ్వుల వినబడ్తది, అంతే. దిద్దేటోళ్లు సప్పుడు చెయ్యరు, తప్పు చేసినోడే మాట్లాడుకుంట మాట్లాడుకుంట తనను తాను దిద్దుకుంటడు. గురజాడ ఎందుకట్ల పెట్టిండు? ఆమెను ఎదురుంగ నిలబెట్టి నాలుగు మాటలనిపిస్తే ఏమయ్యేది? అనిపించొచ్చు, కానీ గోపాలరావు అప్పుడు ఎదురు వాదించేటోడు. ఉపన్యాసాలు అలవాటున్న మనిషి ఆయన. ఖాళీ ఇంటితోని మాత్రం ఎట్ల వాదిస్తడు?

ఇక్కడ వాదం మొలకెత్తింది: “కమలిని మాటలతో కాక, తాను లేకపోవడంతో భర్తను దిద్దుతుంది.” దీన్ని కాదనొచ్చు. “లేదు, ఉత్తరం మాటలే గదా, ఉత్తరమే దిద్దింది” అని ఒకడు అనొచ్చు. మంచిది, అట్ల అనేటోడున్నడు కాబట్టే వ్యాసం రాసే పని ఉన్నది. పైగా దీనికి కథల సాక్ష్యాలు ఏరుకోవచ్చు: ఉత్తరం, గోపాలరావు రాముడికి చెప్పే ఉపన్యాసం, ఆఖరి నవ్వు. ఒక్కోదానికి ఒక్కో పేరా వస్తది.

ఇంకొక్క అడుగు పడాలె. మన వాదాన్ని ఇబ్బంది పెట్టేది కథల ఏమన్న ఉన్నదా అని మనమే ఎతకాలె. ఉన్నది. ఆమె నిజంగ పోలేదు. లేకపోవుడు ఉత్తదే, మంచం కిందనే ఉన్నది. మరి ఆ దిద్దుబాటు ఎంత గట్టిది? ఇల్లు దాటకుంటనే, ఇంటి గడప లోపల్నే జరిగిన దిద్దుబాటు ఇది. నవ్వుతోని కథ ఒడుస్తది కాబట్టి మొగనికి గూడ అవమానం మిగలదు. ఇది కథ బలమా, బలహీనమా? రెండూ అనొచ్చు. ఈ చిక్కును దాచిపెట్టకుంట వాదంల కలుపుకుంటే వ్యాసం బరువెక్కుతది. “దిద్దింది, అయితే ఒక హద్దుల దిద్దింది” అన్న రూపం వస్తది.

వాదం తేలింది. ఇప్పుడు సందర్భం దగ్గరికి పోవచ్చు. సందర్భం ఎంత రాయాలని అడుగుతరు. లెక్క సులువు: వాదానికి పనికొచ్చేంత. మన వాదం మాట్లాడేటోళ్లు, సప్పుడు చెయ్యనోళ్ల గురించి. కాబట్టి మనకు కావాల్సిన చరిత్ర ముక్క ఏందంటే, ఆ కాలంల సంస్కరణ గురించి ఎక్కువగ మాట్లాడింది ఎవరు అనేది. 1881ల రాజమండ్రిల వీరేశలింగం మొదటి వితంతు పెండ్లి చేయించిండు. అప్పటి నుంచి కథ అచ్చయిన 1910 దాక దాదాపు ముప్పై ఏండ్లు. ఆ ముప్పై ఏండ్లల్ల ఆడోళ్ల చదువు గురించి, సానిమేళాలు బంద్ చెయ్యాలని సభలు పెట్టి, పత్రికలల్ల రాసి మాట్లాడింది ఎక్కువగ చదువుకున్న మగోళ్లు. గోపాలరావు వాళ్ల తమ్ముడన్నట్టు. ఈ ముక్క సాలు. కన్యాశుల్కం నాటకం 1892ల ఆడిండ్రు, 1897ల అచ్చయింది, 1909ల తిరగరాసిండు అన్నవి నిజమే గానీ ఈ వాదానికి అక్కర రావు. తెలిసిందంతా మొదటి పేరాల పోస్తే, కచ్చురంల సరుకు ఎక్కువై ఎడ్లు కదలనట్టు అయితది.

మూడూ చేతికొచ్చినయి. కలిపి రాస్తే నేనిట్ల రాస్త. పరీక్ష పేపర్ కాబట్టి భాష కొంచెం రాత భాషనే పెడుతున్న:

“1910 నాటికి కోస్తాంధ్రలో సంఘ సంస్కరణ ఉద్యమానికి దాదాపు మూడు దశాబ్దాల వయసు, స్త్రీ విద్య గురించి, సానిమేళాల గురించి సభలు పెట్టి మాట్లాడినవాళ్లు ఎక్కువగా చదువుకున్న మగవాళ్లే. ఆ సంవత్సరం ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన గురజాడ అప్పారావు కథ ‘దిద్దుబాటు’ అటువంటి ఒక మనిషిని, సభల పేరు చెప్పి పాట కచేరీకి వెళ్లివచ్చిన గోపాలరావును, అర్ధరాత్రి ఖాళీ ఇంట్లో నిలబెడుతుంది. కథ పొడవునా మాట్లాడేది అతనే, భార్య కమలిని ఒక ఉత్తరంలో, చివరి నవ్వులో తప్ప వినిపించదు. అయినా దిద్దేది ఆమె. ఉపన్యాసాలు అలవాటైన భర్తను కమలిని తన మాటతో కంటే తన లేమితో ఎక్కువగా దిద్దిందనీ, ఆమె నిజానికి ఇల్లు దాటలేదని తేల్చే ముగింపు ఆ దిద్దుబాటుకు ఒక హద్దు గీసిందనీ ఈ వ్యాసం చూపుతుంది.”

ఐదే వాక్యాలు. పరీక్ష పేపర్ల మామూలు చేతిరాతకు పది, పన్నెండు లైన్లు అయితయి. నాలుగైదు పేజీల వ్యాసానికి ఇంత సరిపోతది. ఇప్పుడు ఒక్కో వాక్యం ఏం పని చేసిందో చూడండి. మొదటి వాక్యం సందర్భం. అండ్ల “మాట్లాడినవాళ్లు” అన్న మాటను కావాల్నని పెట్టిన, ఎందుకంటే ఆఖరి వాక్యంల “మాట” మళ్లొస్తది. సందర్భానికీ వాదానికీ నడుమ ఉన్న ముడి ఆ ఒక్క మాట. రెండో వాక్యం రచన పేరు, రచయిత పేరు, అచ్చయిన చోటు, ఏడు చెప్పింది. ఉత్త పేరు చెప్పి ఊకోకుంట, కథల ఏ దృశ్యాన్ని పట్టుకుంటున్నమో గూడ చెప్పింది. మూడో వాక్యం నాకు వింతగ అనిపించిన సంగతి. నాలుగోది చిన్నది, మూడు మాటలే, అది మలుపు. ఐదోది వాదం. వాదంల రెండు ముక్కలున్నయి, వ్యాసం గూడ ఆ రెండు ముక్కల మీదనే నడుస్తదని చదివేటోనికి ఎరుకైతది.

ఇందాక చెప్పినట్టు పేర్లు మార్చి చూడండి. గురజాడ పేరు తీసి ఇంకొకరి పేరు పెడితే ఈ పేరా రెండో వాక్యంలనే కూలిపోతది. కూలిపోవాలె. అప్పుడే అది ఈ కథ పేరా.

“ఈ వ్యాసం చూపుతుంది” అని రాయాల్నా, “నేను చూపుతాను” అని రాయాల్నా అని ఒక లొల్లి ఎప్పుడూ ఉంటది. కొందరు సార్లు “నేను” అంటే ఒప్పుకోరు. నాకైతే రెండూ సమ్మతమే. నేనొప్పుకోనిది “ఈ వ్యాసంలో గురజాడ గురించి, కథ గురించి, పాత్రల గురించి తెలుసుకుందాం” అనేది. అది రైలు స్టేషన్ల అనౌన్స్‌మెంట్ లెక్క ఉంటది, బండి వస్తుందంటది గానీ యాడికి పోతదో చెప్పదు.

కొందరు అంటరు, “సార్, వాదం ముందే చెప్తే ఆసక్తి పోతది గదా, ఆఖరుకు దాచిపెడితే బాగుండు” అని. సస్పెన్స్ కథకు మంచిది. గురజాడ కమలినిని మంచం కింద దాచిపెట్టొచ్చు, మీరు వాదాన్ని దాచిపెట్టొద్దు. చదివేటోడు ప్రతి పేరా దగ్గర “ఇది దేనికోసం చెప్తున్నడు” అని కొలుచుకుంట పోతడు. కొలబద్ద ముందే చేతిల పెడితేనే ఆ పని అయితది.

సందర్భం వాదాన్ని బట్టి మారుతదని చెప్పిన గదా, అది నమ్మాల్నంటే అదే కథకు ఇంకో మొదటి పేరా కట్టి చూడాలె. ఈసారి రాముణ్ని పట్టుకుందాం. మన ఊర్ల పిల్లలకు ఈ కోణం తొందరగ దొరుకుతదని నాకు అనుభవం. కమలిని గురించి అడిగితే గైడుల ఉన్నది చెప్పే పిల్లలు, రాముడి గురించి అడిగితే సొంతంగ మాట్లాడ్తరు. “వాడు గుద్దులు తిన్నడు గదా సార్, వానికెవలు సారీ చెప్పిండ్రు” అని ఒక పిల్ల అడిగింది. అసలు వ్యాసం ఆ ప్రశ్నల్నే ఉన్నది.

చూడండి, రాముడు విజయనగరం దిక్కు ఊరి యాసల మాట్లాడ్తడు. 1910ల అచ్చు కథల పనిమనిషి యాసను ఉన్నదున్నట్టు పెట్టుడంటే చిన్న సంగతి కాదు. గిడుగు రామమూర్తి, గురజాడ వాడుక భాష కోసం కొట్లాడుతున్న కాలమది. 1914ల మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ పెద్ద అసమ్మతి పత్రమే రాసిచ్చిండు. అంటే ఈసారి సందర్భం సభలు, సానిమేళాలు కాదు, భాష లొల్లి. వాదం: కథ రాముడికి నోరిచ్చింది గానీ న్యాయం ఇయ్యలే. పేరా ఇట్లయితది:

“పుస్తకాలలో ఏ తెలుగు రాయాలన్న వివాదం ముదురుతున్న కాలంలో, 1910లో, గురజాడ అప్పారావు తన ‘దిద్దుబాటు’ కథలో పనిమనిషి రాముడి చేత అతని సొంత యాసలోనే మాట్లాడించాడు. భార్య కోసం పశ్చాత్తాపపడే గోపాలరావును గురించి ఎంతో రాశారు గాని, అదే రాత్రి అతని చేతి దెబ్బలు తిన్న రాముడి గురించి రాసింది తక్కువ. యజమాని కమలిని పట్ల చేసిన తప్పును కథ దిద్దిస్తుంది. రాముడి పట్ల చేసిన తప్పును బుజ్జగింపుతో దాటేస్తుంది. భాషలో రాముడికి చోటిచ్చిన కథ దిద్దుబాటులో అతనికి చోటివ్వలేదనీ, ఆ తేడాలోనే ఆనాటి సంస్కరణ ఎవరి ఇంటి దాకా వచ్చి ఆగిందో కనిపిస్తుందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.”

అదే కథ, అదే ఏడు. కానీ మొదటి పేరాల ఉన్న చరిత్ర వేరే, ఇప్పిన దృశ్యం వేరే. ఇట్ల రాసినంక మీకొక బాధ్యత మోపైతది. గోపాలరావు రాముణ్ని బుజ్జగించిండు గదా, అదే దిద్దుబాటు అనుకోవచ్చు గదా, అనేటోనికి వ్యాసంల ఎక్కడో ఒకచోట జవాబు చెప్పాలె. బుజ్జగించుడు కమలిని సంగతి కనుక్కునే అవసరం కోసమా, నిజంగ బాధపడా? కథ తెరిచి ఆ వాక్యాలు మళ్ల చదివి తేల్చుకోండి. తేల్చుకున్నంక మీ వాదం మెత్తబడితే, మొదటి పేరాల “చోటివ్వలేదనీ” అన్నది “అరకొర చోటే ఇచ్చిందనీ” అయితది. అట్ల మారుడు మంచి గుర్తు.

సందర్భం వాక్యంల ఎక్కువమంది జారే చోటు ఇంకొకటున్నది. “తెలుగులో తొలి కథ దిద్దుబాటు” అని కండ్లు మూసుకుని రాస్తరు. పాత పాఠ్యపుస్తకాలల్ల అట్లనే ఉన్నది మరి. కానీ భండారు అచ్చమాంబ కథలు అంతకు ఎనిమిదేండ్ల ముందే, 1902లనే అచ్చయినయి. ‘ధన త్రయోదశి’ అట్లాంటిదే. ఏది తొలి కథ, ఏది ఆధునిక కథ అన్న దాని మీద పండితుల నడుమ వాదం నడుస్తనే ఉన్నది. తొలి కథ అని రాసినంత మాత్రాన ఫెయిల్ చెయ్యరు. కానీ మీ వ్యాసం ఆడోళ్ల గొంతు గురించి అయినప్పుడు, మొదటి వాక్యంలనే ఒక ఆడామె రాసిన కథను లేనట్టు చేస్తే ఎట్లుంటది? సందర్భంల ఒక్క మాట తప్పుపడితే వాదం కిందికి నీళ్లొస్తయి. “తొలి” అన్న మాట మీ వాదానికి అక్కర లేకపోతే తీసెయ్యండి. నేను పైన రాసిన రెండు పేరాలల్ల ఆ మాటే లేదు, ఎక్కడన్న కొరత కనబడిందా?

ఇట్లనే “సుప్రసిద్ధ”, “అజరామరమైన”, “మకుటాయమానమైన” అనే మాటలు గూడ. ఇవి సందర్భం లెక్క కనబడ్తయి గానీ కాదు. మొదటి పేరాల విశేషణాలన్నీ పెన్సిల్‌తోని కొట్టేసి చదవండి. అర్థం తగ్గితే ఆ ఒక్కటి మళ్ల పెట్టుకోండి. మామూలుగ ఒకటో రెండో మిగులుతయి.

మన భాషల రాయొచ్చా అని గూడ అడుగుతరు. జాగ్రత్తగ చెప్త. పరీక్షల మీ యాస పూర్తిగ పెడితే దిద్దేటోడు ఎట్లాంటోడో మీకు తెల్వది, అందుకే నేను రాత భాషల రాసి చూపిన. కానీ రాత భాష అంటే గ్రాంథికం కాదు. “తెలియజేయుచున్నాడు”, “వివరించియున్నారు” అని బలవంతంగ రాస్తే వాక్యం మీ చేతుల ఉండదు, సగంల తెగుతది. వాదం చెప్పే వాక్యం పొడుగుంటది, అండ్ల “అనీ… అనీ” అని రెండు ముక్కలుంటయి. నోటికి అలవాటున్న క్రియలు వాడితేనే అది నిలబడ్తది. ముందు మీ యాసల నోటితోని చెప్పుకోండి: “కమలిని ఏమనకుంటనే మొగన్ని దిద్దింది, కానీ గడప దాటలే.” ఇది మీ వాదం. దీన్ని రాత భాషలకు మార్చుడు రెండు నిమిషాల పని. నోటితోని ఒక్క ఊపిరిల చెప్పరాలేదంటే వాదం ఇంకా దొరకలేదన్నట్టు, అప్పుడు పెన్ను పట్టుకునుడు దండుగ.

పరీక్ష హాల్ల టైం సంగతి. మూడు గంటల పేపర్ల ఒక పెద్ద వ్యాసానికి ముప్పై, నలభై నిమిషాలు దొరుకుతయి. మొదటి ఏడెనిమిది నిమిషాలు జవాబు రాయకండి. ఆఖరి పేజీల, రఫ్ అని రాసుకుని, మూడు ముక్కలు గీకండి: నాకు వింతగ అనిపించింది ఏంది, దానికి కథల సాక్ష్యాలు ఏవి, కాదనేటోడు ఏమంటడు. అవి కుదిరినంక వాదం వాక్యం ఒక్కటి రాసుకోండి. సందర్భం ఇంకా తేలకపోతే జవాబు పత్రంల మొదటి పేరాకు పన్నెండు లైన్లు ఖాళీ ఇడిచి, రెండో పేరా నుంచి మొదలుపెట్టండి. ఆఖరి పేరా రాసినంక పైకొచ్చి ఖాళీ నింపండి. నేను దిద్దే పేపర్లల్ల అప్పుడప్పుడు అట్లాంటివి కనబడ్తయి, ఖాళీ కొంచెం ఎక్కువై రెండు లైన్లు తెల్లగ మిగిలుంటయి. దానికి ఎవ్వలూ మార్కులు కొయ్యరు.